బిగుసుకుపోయిన అనువాద వార్తను సరిచేయాలంటే: వాక్యాలు దిద్దాలా, మళ్లీ చెప్పాలా?

డెస్క్‌లో పనిచేసేవాళ్లకి ఇది రోజూ వచ్చే గొడవే. ఇంగ్లీషు కాపీని ఎవరో హడావిడిగా తెలుగు చేసి పంపుతారు, చదివితే తెలుగులా ఉండదు. అప్పుడు రెండే దారులు. ఉన్న వాక్యాలనే పట్టుకుని ఒక్కోటీ దిద్దుకుంటూ పోవడం ఒకటి, ఆ కాపీ మొత్తం చదివి పక్కన పెట్టేసి విషయాన్ని మన మాటల్లో మళ్లీ రాయడం రెండోది. ఏది మేలో ఒక ముక్క మీద చూద్దాం (నేనే కల్పించింది, కానీ ఇలాంటివి రోజూ వస్తాయి):

"శనివారం రాత్రి ఒక గోదాములో సంభవించిన అగ్నిప్రమాదం కారణంగా, ఎవరైతే లోపల నిద్రిస్తున్నారో ఆ కార్మికులలో కనీసం ముగ్గురు మరణించడం జరిగిందని పోలీసుల చేత తెలపబడింది. షార్ట్ సర్క్యూట్ దీనికి కారణమై ఉండవచ్చని నమ్మబడుతోంది. నిబంధనలు ఉల్లంఘించినట్లు ఆరోపించబడిన యజమాని, అతను ఏ తప్పూ చేయలేదని అతను చెప్పాడు."

ముందు దిద్ది చూద్దాం. 'చేత తెలపబడింది' తీసేసి 'తెలిపారు' పెడతాం, 'మరణించడం జరిగింది' కాస్తా 'మరణించారు' అవుతుంది, 'ఎవరైతే' పోతుంది. మొదటి వాక్యం ఇలా తేలుతుంది: "శనివారం రాత్రి ఒక గోదాములో జరిగిన అగ్నిప్రమాదంలో లోపల నిద్రిస్తున్న కనీసం ముగ్గురు కార్మికులు మరణించారని పోలీసులు తెలిపారు." వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు, రెండు నిమిషాల్లో పని అయిపోయింది కూడా. కానీ ఊపిరాడదు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏ స్థితిలో ఉన్నారు అన్నవన్నీ దాటితే గానీ చనిపోయారన్న మాట దగ్గరికి పాఠకుడు చేరడు. ఇంగ్లీషులో చనిపోయారన్న సంగతి ముందే వచ్చేస్తుంది, మిగతా వివరాలు వెనక తగిలించుకోవచ్చు. వాక్యం హద్దులు మార్చకుండా లోపల మాటలు ఎన్ని మార్చినా ఈ చిక్కు పోదు.

మళ్లీ చెబితే: "గోదాములో మంటలు చెలరేగి ముగ్గురు కార్మికులు చనిపోయారు. శనివారం రాత్రి ప్రమాదం జరిగినప్పుడు వాళ్లు లోపల నిద్రపోతున్నారు. షార్ట్ సర్క్యూటే కారణమని పోలీసులు అనుమానిస్తున్నారు. తన తప్పేమీ లేదని యజమాని అంటున్నారు."

హాయిగా ఉంది కదా? కానీ ఇందులో నాలుగు చోట్ల వార్త మారిపోయింది! 'కనీసం' ఎగిరిపోయింది, అంటే సంఖ్య పెరిగితే మనం రాసింది తప్పవుతుంది. మరణాల సంగతి పోలీసులు చెప్పారన్న ముక్క పోయింది. యజమానిపై ఆరోపణ పోయింది, దాంతో ఆయన ఎందుకు వివరణ ఇస్తున్నారో అర్థం కాదు. నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం: షార్ట్ సర్క్యూట్ మాట ఎవరన్నారో మూలంలో లేదు, మనం పోలీసుల నోట పెట్టేశాం. సరే, 'పోలీసులు' తీసేసి ఉత్త 'అనుమానిస్తున్నారు' అంటే? తెలుగులో కర్త లేకుండా అలా రాయడం సహజమే, కానీ ముందు వాక్యం పోలీసులతో ముగిస్తే పాఠకుడు దీన్నీ వాళ్లకే అంటగడతాడు. రిపోర్టర్‌కి ఫోన్ చేసి అడగాలి, దొరక్కపోతే 'అనుమానాలున్నాయి' అని వదిలేయాలి.

అయినా నా ఓటు మళ్లీ చెప్పడానికే, ఒక షరతు మీద. రాశాక మూలం మళ్లీ తెరిచి అంకెలు, పేర్లు, ఎవరన్నారు, ఎంత గట్టిగా అన్నారు అన్నవి మాత్రం ఒక్కోటీ సరిపోల్చాలి. సరిపోల్చాక మన కాపీ ఇది:

"గోదాములో మంటలు చెలరేగి కనీసం ముగ్గురు కార్మికులు చనిపోయారని పోలీసులు తెలిపారు. శనివారం రాత్రి ప్రమాదం జరిగినప్పుడు వాళ్లు లోపల నిద్రపోతున్నారు. షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు అంటుకుని ఉండొచ్చన్న అనుమానాలున్నాయి. యజమాని నిబంధనలు ఉల్లంఘించారన్న ఆరోపణలు వచ్చాయి. తాను ఏ తప్పూ చేయలేదని ఆయన అంటున్నారు."

ఆ చివరి వాక్యంలో 'అతను... అతను' పోయి 'తాను' వచ్చింది చూడండి. ఇంకెవరి గురించో అంటున్నాడా అన్న అనుమానం దాంతోనే తీరిపోయింది. మరీ సహజంగా కావాలంటే 'తాను ఏ తప్పూ చేయలేదన్నారు' అన్నా సరిపోతుంది.

దిద్దుబాటే మేలైన చోట్లు లేకపోలేదు. కోర్టు ఉత్తర్వులు, ఎఫ్ఐఆర్‌లో సెక్షన్ల మాటలు, ప్రభుత్వ నోటిఫికేషన్లు. వీటిలో ఒక షరతు ముందో వెనకో పడితే అర్థమే మారిపోతుంది, అక్కడ కాస్త బిగువుగా ఉన్నా ఫర్వాలేదు. కొటేషన్ల సంగతి వేరు. మనిషి ఇంగ్లీషులో మాట్లాడితే ఆ మాటల్ని తెలుగు చేసి కొటేషన్ గుర్తుల్లో బిగించే బదులు, గుర్తులు తీసేసి 'అని చెప్పారు' అనే పద్ధతిలో రాయడం నయం, ఎందుకంటే ఆయన ఆ తెలుగు మాటలు అనలేదు.

టైమ్ మరీ లేదంటే మొదటి పేరా ఒక్కటైనా మళ్లీ రాసి, మిగతాది దిద్దండి. చాలామంది చదివేది అంతవరకే.