మధుపర్కాల తెలుపు దొరికాకే లుక్: డావిన్చీ రిజాల్వ్ స్కోప్‌లతో నాలుగేళ్లు

పెళ్లి వీడియోలకు నాలుగేళ్లుగా డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షనే వాడుతున్నాను. ఇన్నేళ్లలో అందులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది కలర్ పేజీలోని స్కోప్‌లు, అంటే బొమ్మలోని వెలుగును, రంగును కొలిచి చూపే గ్రాఫులు. అందుకే ఈ సమీక్ష వాటి గురించే.

మొదటి ఏడాది వాటిని తెరిచేవాణ్నే కాదు. క్లిప్ టైమ్‌లైన్ మీదికి రాగానే రంగులన్నిటినీ ఒకేసారి మార్చే రెడీమేడ్ ఫైల్, అంటే నచ్చిన లట్ ఒకటి వేసి, తర్వాత వెలుగు సర్దేవాణ్ని. రాత్రి పదింటికి కూర్చుంటే అర్ధరాత్రికల్లా కన్ను ఆ రంగుకు అలవాటుపడిపోతుంది, పసుపుగా ఉన్న పంచె కూడా తెల్లగానే కనిపిస్తుంది. ఒక పెళ్లివారు టీవీలో చూసుకుని పెళ్లికూతురి ముఖం నారింజ రంగులో ఉందని ఫోన్ చేశారు. పొద్దున్నే తెరిచి చూస్తే వాళ్లన్నది నిజమే.

ఆ క్లిప్‌నే మళ్లీ మొదటి నుంచి చేశాను. మండపంలో హాలోజన్ లైట్లు, అంటే సుమారు 3200 కెల్విన్. కెమెరాలో మాత్రం పగటి వెలుగుకు పెట్టే 5600 అలాగే ఉండిపోయింది. లట్ తీసేసి పరేడ్ తెరిచాను. ఇందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పట్టీలుగా పక్కపక్కన కనిపిస్తాయి. కింద 0 అంటే నలుపు, పైన 1023 అంటే పూర్తి తెలుపు. ఫ్రేములో ఎడమన ఉన్న వస్తువు ప్రతి పట్టీలోనూ ఎడమనే ఉంటుంది కాబట్టి, పెళ్లికొడుకు మధుపర్కం పంచె ఎక్కడుందో వెతకడం తేలిక. ఆ తెల్లటి బట్ట ఎరుపులో 820 దగ్గర, ఆకుపచ్చలో 700 దగ్గర, నీలంలో 520 దగ్గర ఉంది. తెలుపైతే మూడూ ఒకే ఎత్తులో ఉండాలి.

ముందు వెలుగును అదే 0 నుంచి 1023 కొలతలో చూపే వేవ్‌ఫామ్ చూసుకున్నాను. జుట్టు, నల్ల ప్యాంట్లు 120 దగ్గర తేలుతున్నాయి, అందుకే బొమ్మంతా పొగ పట్టినట్టుంది. నీడలను సర్దే లిఫ్ట్ తగ్గించి 40 దగ్గరికి దించాను. తర్వాత రంగును వెచ్చగా, చల్లగా మార్చే టెంప్‌ను చల్లటి వైపు జరుపుతూ పోతే ఎరుపు దిగింది, నీలం ఎక్కింది. ఆకుపచ్చ కాస్త మిగిలితే, ఆకుపచ్చ మెజెంటాల మధ్య జరిపే టింట్‌తో తీశాను. ఇవి జరిపినప్పుడు వెలుగు కూడా మారుతుంది, కాబట్టి వేవ్‌ఫామ్ మళ్లీ చూసి, వెలుగైన భాగాలను కదిపే గెయిన్ సర్దాలి. చివరికి పంచె మూడు పట్టీల్లోనూ 720 దగ్గర నిలిచింది. ఒక్క మాట: కోరా రంగు బట్ట దొరికితే మూడూ సమానం చేయకూడదు, నీలం కొద్దిగా కిందే ఉండాలి. లేకపోతే బట్ట నీలిగా తేలుతుంది.

రిజాల్వ్‌లో సవరణలు నోడ్‌లనే దశలుగా ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తాయి. ఇదంతా మొదటి నోడ్‌లో. లుక్, అంటే లట్ ఇచ్చే రంగుల తీరు, రెండో నోడ్‌లో. ఈ వరుస ఎందుకు ముఖ్యమో నాకు ఆలస్యంగా అర్థమైంది. రిజాల్వ్ నోడ్‌ల మధ్య 1023 దాటిన విలువలను పారేయదు, కిందికి దించితే వివరం తిరిగి వస్తుంది. కానీ లట్ మామూలుగా తన పరిధి దాటినదాన్ని కోసేస్తుంది. ముందే లట్ వేసి తర్వాత వెలుగు తగ్గిస్తే, తెల్ల చీర మడతలు రావు, బూడిదరంగు మచ్చ వస్తుంది. ఇప్పుడు సరిచేసిన క్లిప్ మీద అదే లట్ వేసి, ఆ నోడ్ ప్రభావం ఎంతో నిర్ణయించే కీ ఔట్‌పుట్‌లో గెయిన్ 0.5కు తగ్గిస్తే చాలుతోంది.

రంగు ఏ వైపు, ఎంత గాఢంగా ఉందో గుండ్రటి పటం మీద చూపే వెక్టర్‌స్కోప్‌లో చర్మపు రంగు గీత ఒకటి ఆన్ చేసుకోవచ్చు. గడియారంలో పదకొండు ఉండే చోటికి దగ్గరగా, ఎరుపు పసుపుల మధ్య ఉంటుంది. చామనఛాయైనా తెలుపైనా చర్మం దాదాపు ఆ గీత మీదే పడుతుంది, తేడా వచ్చేది వెలుగులోనే. అందుకని నలుపు ముఖాన్ని వేవ్‌ఫామ్‌లో తెల్లముఖం ఎత్తుకు లేపను, అది ఆ మనిషి రంగును మార్చేయడమే. అయితే మంగళస్నానం క్లిప్‌లో ఈ గీతను నమ్మొద్దు. నలుగు, పసుపు రాసిన ముఖం పసుపు వైపు జరిగే ఉంటుంది, ఉండాలి కూడా. గీత మీదికి లాగితే ముఖం మీది పసుపు మాయమై, వెనక గోడ ఊదారంగుకు తిరుగుతుంది. అక్కడ పసుపు రాయని వాళ్ల చేతులు, తెల్ల తువ్వాలు చూసి సరిచేస్తాను.

స్కోప్‌లు అన్నిటినీ బాగుచేయవు. రిసెప్షన్ స్టేజీ మీద నీలం ఎల్‌ఈడీ ముఖాన పడినప్పుడు, పరేడ్‌లో నీలం పైఅంచున చదునైన గీతలా అతుక్కుని ఉంటే షూటింగ్‌లోనే వివరం పోయినట్టు. టెంప్ ఎంత తిప్పినా చర్మం రాదు. అలాంటి షాట్‌ను ఆ నీలంతోనే వదిలేస్తాను, లేదా వేరే కోణం వాడతాను. చీకట్లో తీసిన 8 బిట్ క్లిప్‌ను లేపితే గ్రెయిన్ కూడా లేస్తుంది, దాన్ని తగ్గించే నాయిస్ రిడక్షన్ డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. ల్యాప్‌టాప్ తెర మీద స్కోప్‌లన్నీ ఒకేసారి పెడితే చదవలేం. నేను పరేడ్ ఒక్కటే పెద్దగా పెట్టుకుని, ముఖాలు వచ్చినప్పుడు వెక్టర్‌స్కోప్‌కు మారుతుంటాను.