పరీక్ష రాత్రికి ఎనర్జీ డ్రింకా, కాఫీయా, నిద్రా: ఏది మేలు?

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడితే చుట్టాల పిల్లలంతా నన్ను అడిగేది ఒకటే: "అక్కా, రాత్రి మేలుకోవాలంటే ఎనర్జీ డ్రింక్ మంచిదా, కాఫీ మంచిదా?" నర్సుని కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. "రెండింట్లోనూ ఉన్నది కెఫీనే కదరా" అని మొన్నటిదాకా దాటేసేదాన్ని.

మా పిన్ని కొడుకు బీటెక్ మూడో ఏడు, కూకట్‌పల్లిలో హాస్టల్. మూడో పరీక్ష ముందు రాత్రి మూడున్నరకి ఫోన్ చేశాడు. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోందట, చేతులు వణుకుతున్నాయట. రూమ్మేట్ గ్యాస్ అనుకుని మాత్ర వేయించాడు. వాచీలో చూస్తే 148.

"ఛాతీలో నొప్పుందా?"

"లేదక్కా. కానీ బాత్రూంకి లేచినప్పుడు కళ్ళు చీకట్లు కమ్మాయి."

ఆ మాట వినగానే, ఆటో దొరికితే ఆటో, బైకైతే వెనక కూర్చుని, వెంటనే ఆస్పత్రికి వెళ్ళమన్నాను. గుండెదడతో పాటు కళ్ళు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఈసీజీలో లయ సరిగానే ఉంది, వేగం మాత్రం 140 దాటింది. అక్కడక్కడా ఒక్కో అదనపు దెబ్బ. రక్తంలో పొటాషియం తగ్గింది. కెఫీన్ ఎక్కువైతే పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి పోతుంది, దాంతో గుండె లయ చెదిరే అవకాశం పెరుగుతుంది. సెలైన్, పొటాషియం ఎక్కించి మానిటర్ పెట్టి ఓ రోజు ఉంచుకున్నారు. పరీక్ష పోయింది.

"ఎన్ని తాగావు?" అని డ్యూటీ డాక్టర్ అడిగితే "నాలుగే సార్" అన్నాడు. అబద్ధం కాదు. మంచం పక్కన కూర్చుని నేనే కాగితం మీద లెక్కేశాను. ఆ 250 మి.లీ. సీసాలో 72 మి.గ్రా. కెఫీన్ అని లేబుల్ మీదే ఉంది. నాలుగుకి 288. సాయంత్రం రెండు కాఫీలు, ఒక్కోటి 80 చొప్పున 160. తలనొప్పికి రెండు మాత్రలు, వాటిలోనూ కెఫీన్ కలిపి ఉంది, 50 చొప్పున 100. మొత్తం 548. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 400 దాకా, ఒక్కసారికి 200 దాకా ఫర్వాలేదంటారు. మన దేశంలో అయితే ఈ డ్రింకులు రోజుకి 500 మి.లీ. మించొద్దని లేబుల్ మీద రాయాలి, అంటే రెండు సీసాలు. దానికి తోడు, తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. మొదటి సీసా సగం ఒంట్లో ఉండగానే నాలుగోది పడింది. రెండు రాత్రులుగా సరైన నిద్ర లేని ఒంట్లో!

ఇక పోలిక. కప్పుకి కప్పు చూస్తే డ్రింక్‌లో కెఫీన్ ఎక్కువేం కాదు, చిక్కటి ఫిల్టర్ కాఫీలో ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. నా దృష్టిలో తేడా అంతా తాగే తీరులో ఉంది. కాఫీ వేడిగా, చేదుగా ఉంటుంది. ఊదుకుంటూ పది నిమిషాలు తాగుతాం, ఇంకోటి కావాలంటే కాంటీన్ దాకా నడవాలి, రాత్రి అది మూసేస్తారు. డ్రింక్ చల్లగా, తియ్యగా రెండు నిమిషాల్లో గొంతు దిగిపోతుంది. ఎదురు కొట్టులో ఇరవై రూపాయలకి దొరుకుతుంది, నాలుగు కొనుక్కొచ్చి మంచం కింద పెట్టుకోవచ్చు. దాన్ని మందులా లెక్కపెట్టాలని ఎవరికీ తోచదు, మంచినీళ్ళలాగే తాగుతారు. అందుకే నా ఓటు కాఫీకి, అదీ మధ్యాహ్నం నాలుగులోపు, రెండు కప్పులు.

టీలో కెఫీన్ సుమారు సగం, అంతకు మించి చెప్పడానికేం లేదు. కెఫీన్ మాత్రల జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఒక్క మాత్రలోనే 200 ఉండేవి ఉన్నాయి.

నిద్రని ఈ వరసలో పెడితే మావాడు నవ్వాడు. మేలుకున్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుంటుంది, నిద్ర ముంచుకొచ్చేది దాని వల్లే. కెఫీన్ దాన్ని తీసెయ్యదు, అది కూర్చునే చోట తాను కూర్చుంటుంది, అంతే. కెఫీన్ దిగగానే ఆగిన మత్తంతా ఒక్కసారి పైన పడుతుంది, చాలాసార్లు పరీక్ష హాల్లోనే. అడినోసిన్‌ని వదిలించేది నిద్రే.

సప్లిమెంటరీ ముందు రోజు రాత్రి పదకొండున్నరకి మళ్ళీ ఫోన్.

"అక్కా, ఇంకో యూనిట్ ఉంది. ఒక్క కాఫీ?"

"ఇవాళ ఎన్నయ్యాయి?"

"రెండు. మాత్ర వేసుకోలేదు."

పడుకోమన్నాను. కాసేపు గునిసి, నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాడు.