జాగ్రత్త: పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీ కొనేముందు "లెగ్ కర్ల్ మెషిన్ ఖాళీ లేకపోతే ఏం చేయిస్తారు?" అని అడగండి

హైదరాబాద్‌లో మా ఏరియాలోని ఒక జిమ్‌లో నేనూ మా తమ్ముడూ ఏడాది మెంబర్‌షిప్‌తో పాటు పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీ తీసుకున్నాం. మెంబర్‌షిప్ కంటే ట్రైనింగ్‌కే ఎక్కువ డబ్బు కట్టాం. చేరేటప్పుడు మాకు చక్కగా ప్రింట్ చేసిన ప్లాన్ ఇచ్చారు. కాళ్ల రోజుకు స్క్వాట్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, పడుకుని చేసే లెగ్ కర్ల్, పిక్కల కోసం కాఫ్ రెయిజ్ రాశారు. ప్లాన్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. అది అమలైన తీరు గురించే ఈ పోస్టు.

ఆ జిమ్‌లో లెగ్ కర్ల్ మెషిన్ ఒక్కటే ఉంది. సాయంత్రం ఏడు దాటితే దాని దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. కొన్నాళ్లకు దాని కేబుల్ తెగి "రిపేర్‌లో ఉంది" అనే కాగితం అంటించారు, అది నెలల తరబడి అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ట్రైనర్ లెగ్ కర్ల్ బదులు ఒక రోజు లెగ్ ప్రెస్, ఒక రోజు లెగ్ ఎక్స్‌టెన్షన్, ఇంకో రోజు లంజెస్ చేయించాడు. ఏ మెషిన్ ఖాళీగా ఉంటే అది. ఇది సరైన బదులు కాదని మొదటి వారమే చెప్పాను. "అన్నా, అన్నీ లెగ్సే కదా, ఏది చేసినా ఒకటే" అన్నాడు. మేనేజర్‌కు చెబితే, ట్రైనర్ చెప్పినట్టు చేయండి సార్ అని పంపేశాడు.

ఏది చేసినా ఒకటి కాదు. తొడ ముందు ఉండే కండరాలు మోకాలిని చాపుతాయి. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్స్ మోకాలిని మడుస్తాయి, నడుము వంచి లేచేటప్పుడు తుంటిని నిటారు చేస్తాయి. లెగ్ కర్ల్ అంటే బరువుకు ఎదురుగా మోకాలు మడవడం. లెగ్ ఎక్స్‌టెన్షన్ సరిగ్గా దానికి వ్యతిరేకం, బరువుకు ఎదురుగా మోకాలు చాపడం. ఆ రెండు మెషిన్లూ పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అంతకు మించి వాటికి పోలిక లేదు. లెగ్ ప్రెస్, లంజెస్ కూడా ప్రధానంగా తొడ ముందు భాగానికీ పిరుదులకూ పని చెప్పేవే.

స్క్వాట్‌లో హామ్‌స్ట్రింగ్స్ కూడా పనిచేస్తాయి కదా అని చాలామంది అంటారు. కొంచెం పనిచేస్తాయి. కానీ కిందికి కూర్చునేటప్పుడు తుంటి దగ్గర ఆ కండరం సాగుతుంది, అదే సమయంలో మోకాలి దగ్గర కుదించుకుంటుంది. మొత్తం మీద దాని పొడవు పెద్దగా మారదు, అందుకే దానికి అసలైన శ్రమ అందదు. జపాన్‌లో కుబో బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో 10 వారాల పాటు స్క్వాట్లు చేయించి ఎంఆర్ఐతో కొలిచారు. పూర్తిగా కిందికి కూర్చుని చేసినవారిలో కూడా హామ్‌స్ట్రింగ్స్ చెప్పుకోదగ్గంత పెరగలేదు. స్క్వాటే ఆ పని చేయనప్పుడు, దాని పక్కన లెగ్ ప్రెస్ చేర్చినంత మాత్రాన ఆ లోటు తీరదు.

మా తమ్ముడి విషయంలో ఏం జరిగిందో చూడండి. స్క్వాట్, లెగ్ ప్రెస్, లెగ్ ఎక్స్‌టెన్షన్, మూడూ ఒకే రోజు పడేవి. కొన్ని వారాలకు మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది, మెట్లు దిగేటప్పుడు ఎక్కువగా తెలిసేది. నొప్పికి ఇదొక్కటే కారణమని తేల్చి చెప్పలేను. కానీ లెగ్ ఎక్స్‌టెన్షన్ మానేశాక తగ్గింది. మెషిన్ బాగయ్యాక, అంతకుముందు 30 కిలోలతో 12 రెప్స్ చేసినవాడు 20 కిలోలకే ఆయాసపడ్డాడు. లెగ్ ప్రెస్ బరువు మాత్రం అన్నాళ్లూ పెరుగుతూనే వచ్చింది, దాన్నే చూపించి ట్రైనర్ "ప్రోగ్రెస్ బాగుంది" అని రాసేవాడు.

ఇక ఆ రోజు నిజంగా ఏం చేయించి ఉండాలి? మెషిన్ పాడవలేదు, ఎవరో వాడుతున్నారంతే అనుకుందాం. అప్పుడు వ్యాయామం మార్చాల్సిన అవసరమే రాకపోవచ్చు. వాడుతున్నవాళ్లను "మీ సెట్ల మధ్యలో మేమూ చేసుకోవచ్చా" అని అడిగితే చాలామంది సరేనంటారు. సెట్‌కూ సెట్‌కూ మధ్య నిమిషంన్నర విశ్రాంతి ఎలాగూ కావాలి, పిన్ను మార్చుకోవడం క్షణాల పని. లేదా కాఫ్ రెయిజ్ ముందు చేసి మళ్లీ రావచ్చు. అది దీనికి పెద్దగా అడ్డం రాదు.

మెషిన్ అసలు లేకపోతే ముందుగా కూర్చుని చేసే లెగ్ కర్ల్ ఉందేమో చూడాలి. అది బదులు మాత్రమే కాదు, 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకుని చేసేదాని కంటే దీనితోనే హామ్‌స్ట్రింగ్స్ ఎక్కువ పెరిగాయి. కూర్చున్నప్పుడు తుంటి వంగి ఉంటుంది కాబట్టి కండరం సాగిన స్థితిలో పనిచేస్తుంది.

అదీ లేకపోతే కేబుల్ మెషిన్. పుల్లీని అడుగుకు దించి, చీలమండకు పట్టీ కట్టుకుని, స్టాండును పట్టుకుని దానికి ఎదురుగా నిలబడి ఒక్కో కాలు మడవాలి. తొడ కదలకూడదు, మోకాలి కింది భాగమే కదలాలి. ఇక్కడ 30 కిలోలు పెట్టకూడదు. ఒంటి కాలు, పైగా ప్రతి మెషిన్‌లో పుల్లీల అమరిక వేరు. 5 కిలోలతో మొదలుపెట్టి, 12 రెప్స్ అయ్యాక ఇంకో రెండు మాత్రమే చేయగలం అనిపించే బరువు దగ్గర ఆగాలి. ఒక వ్యాయామం నుంచి ఇంకోదానికి కిలోల అంకెను మోసుకెళ్లకూడదు, ఆ శ్రమ స్థాయినే మోసుకెళ్లాలి. మా ట్రైనర్ ఒక్కసారి కేబుల్ పెట్టినప్పుడు పాత బరువే పెట్టాడు. తమ్ముడు నడుము ఊపి లాగాడు, తొడ వెనక ఏమీ పట్టలేదు.

ఏ పరికరమూ ఖాళీ లేనప్పుడు ఒక తువ్వాలు చాలు. నున్నటి టైల్స్ నేల మీద వెల్లకిలా పడుకుని, మడమల కింద తువ్వాలు పెట్టి, నడుము పైకి ఎత్తి, మడమలను నెమ్మదిగా దూరంగా జరపాలి. మూడు నాలుగు సెకన్లు పట్టాలి. కాళ్లు చాపుకున్నాక మళ్లీ లోపలికి లాగాలి. కొత్తవాళ్లు లోపలికి లాగలేరు, అలాంటప్పుడు నడుము కింద పెట్టేసి కాళ్లు వెనక్కి తెచ్చుకుని, బయటికి జరిపే సగమే చేస్తే సరిపోతుంది. 12 రెప్స్ అవసరం లేదు, 6 నుంచి 8 చేసేసరికే తొడ వెనక మండుతుంది. జిమ్‌లో రబ్బరు మ్యాట్ ఉంటే మడమలు జారవు, పెద్ద జిమ్ బాల్ మీద మడమలు పెట్టి ఇదే చేయవచ్చు. నడుము కిందికి జారుతోందంటే ఆ సెట్ అక్కడితో అయిపోయినట్టే.

నార్డిక్ కర్ల్ అని ఇంకోటి ఉంది. మోకాళ్ల మీద నిలబడితే ఎవరైనా మడమలు పట్టుకుంటారు, శరీరాన్ని నిటారుగా ఉంచి ముందుకు వాలాలి. అదీ మోకాలు మడిచే పనే, చాలా మంచిది కూడా. కానీ మెషిన్ మీద 30 కిలోలు లాగేవాళ్లకు సొంత శరీర బరువు చాలా ఎక్కువ. అలవాటు లేనివాళ్లతో అప్పటికప్పుడు 12 చేయిస్తే కండరం పట్టేస్తుంది, లేదా రోజుల తరబడి నడవడమే కష్టమవుతుంది. చేతులు నేలకు ఆనించుకుంటూ నాలుగైదు రెప్స్‌తో విడిగా మొదలుపెట్టాల్సిన వ్యాయామం అది. తొడ వెనక కండరం ఇంతకుముందు చిరిగినవాళ్లు ఫిజియోథెరపిస్టును అడగకుండా దాని జోలికి పోవద్దు.

రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ ఇంకో రెండు సెట్లు చేయిస్తే సరిపోదా అని అడుగుతారు. లెగ్ ప్రెస్ కంటే అది వెయ్యి రెట్లు నయం, కండరం అదే. కానీ కదలిక వేరు, అందులో తుంటి వంగుతుంది, మోకాలు దాదాపు అలాగే ఉంటుంది. హామ్‌స్ట్రింగ్స్‌లో ఒక పాయ తుంటి దాకా పోదు, తొడ ఎముక నుంచి మోకాలి కిందికే ఉంటుంది. మోకాలు మడిస్తే తప్ప దానికి పని ఉండదు. పైగా మా ప్లాన్‌లో డెడ్‌లిఫ్ట్ అప్పటికే ఉంది, ఇంకా పెంచితే ముందుగా అలిసిపోయేది నడుము. ఒక్క రోజుకు సర్దుకోవచ్చు గానీ నెలల పాటు అదే బదులుగా పెట్టకూడదు.

వీపు రోజున కూడా ఇదే తంతు. సీటెడ్ కేబుల్ రో ఖాళీ లేకపోతే లాట్ పుల్‌డౌన్ చేయించేవాడు, అదీ ప్లాన్‌లో ముందే ఉన్నది. పుల్‌డౌన్ పైనుంచి కిందికి లాగేది, రో ముందునుంచి వెనక్కి లాగేది. దానికి బదులు బెంచ్‌ను ఏటవాలుగా పెట్టి, ఛాతీ ఆనించి, రెండు డంబెల్స్ లాగించాలి. డంబెల్స్ ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి.

మీరు ఇలాంటి ప్యాకేజీ కొనబోతుంటే, ఉదయం పదకొండింటికి చూపించే టూర్ చూసి డబ్బు కట్టకండి. మీరు రోజూ వెళ్లబోయే సమయానికే ఒకసారి వెళ్లి, లెగ్ కర్ల్ దగ్గరా కేబుల్ దగ్గరా ఎంతమంది ఉన్నారో చూడండి. మీకు ఎవరిని కేటాయిస్తారో అడిగి, ఆ ట్రైనర్‌నే పై ప్రశ్న అడగండి. కేబుల్ అనో, జిమ్ బాల్ అనో, తువ్వాలు అనో చెబితే ఆయనకు పని తెలుసు. లెగ్ ప్రెస్ అన్నాడంటే మీరు కట్టే డబ్బు పక్కన నిలబడి రెప్స్ లెక్కపెట్టడానికే. ప్లాన్‌లో ప్రతి వ్యాయామం పక్కన దాని బదులు కూడా రాసివ్వమనండి. మెషిన్ ఎక్కువ కాలం పాడైతే ఏం చేస్తారో రసీదు మీద రాయించుకోండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు రోజూ చేసింది మీ ఫోన్‌లోనే రాసుకోండి, ప్లాన్‌లో ఉన్నదీ చేయించినదీ పక్కపక్కన. మేం మిగిలిన ట్రైనింగ్ డబ్బు అడిగితే, రసీదు వెనక చిన్న అక్షరాల్లో "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని ఉన్నది చూపించారు. ఆ ఒక్క వాక్యం చూసి వెనక్కి తగ్గకండి. ప్లాన్ ఫోటోలు, రిపేర్ కాగితం ఫోటోలు, మేనేజర్‌కు పంపిన మెసేజ్‌లు దాచుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. డబ్బు తీసుకుని చెప్పిన సేవ ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం కిందికి వస్తుంది. మా ఫిర్యాదు అక్కడ నమోదైంది, ఇంకా తేలలేదు. ఈలోపు తమ్ముడు మెంబర్‌షిప్ మాత్రం వాడుకుంటూ, ట్రైనర్ లేకుండా, కేబుల్ దగ్గర 5 కిలోలతో మళ్లీ మొదలుపెట్టాడు.