ఏడాదిన్నర వాడాక నా ఎల్ఈడీ ప్యానెళ్ల డిమ్మర్ గురించి

ఫొటోల వెలుగు కోసం కొన్న కొత్తలో ఈ మూడు ప్యానెళ్ల డిమ్మర్ ఎంత మెత్తగా తిరుగుతుందో అడిగినవారికీ అడగనివారికీ చెప్పాను. ఏడాదిన్నర తర్వాత ఆ మాటను కొంత సవరించుకోవలసి వస్తోంది. తిరగడం ఇప్పటికీ మెత్తగానే తిరుగుతుంది. నా పేచీ అది వెలుగును తగ్గించే తీరుతోనే.

పక్క గదిలో పాప నిద్రపోతున్న ఒక సాయంత్రం, చప్పుడు కాకూడదని ఎలక్ట్రానిక్ షటర్ పెట్టి, ప్యానెళ్లను ముప్పై శాతానికి తగ్గించి, తెల్లని పింగాణీ గిన్నెను 1/125 సెకను షటర్ వేగం వద్ద ఫొటో తీశాను. కంటికి వెలుగు నిలకడగానే ఉంది గాని, ఫొటోలో గిన్నె మీద అడ్డంగా లేత చారలు పడ్డాయి. మెరుపులో ఏదో ప్రతిబింబిస్తోందనుకొని గంటసేపు కోణాలు మార్చాను. చివరికి గిన్నెను తీసేసి ఖాళీ గోడను 1/1000 వద్ద తీస్తే, చారలు లెక్కపెట్టడానికి వీలుగా ముదిరి కనిపించాయి: ఇరవై. ఈ షటర్‌తో నా కెమెరా ఒక ఫ్రేమును పైనుంచి కిందికి వరుస తర్వాత వరుసగా చదవడానికి సెకనులో ఇరవయ్యో వంతు తీసుకుంటుంది కనుక, ప్యానెళ్లు సెకనుకు దాదాపు 400 సార్లు ఆరి వెలుగుతున్నాయన్నమాట. 1/125 వ్యవధిలో కొన్ని వరుసలకు మూడు వెలుగులు, కొన్నింటికి నాలుగు అందుతాయి. ఆ తేడాయే చార. 1/100 కు మార్చగానే అన్ని వరుసలకూ నాలుగేసి అంది, చారలు ఇంచుమించు మాయమయ్యాయి. డిమ్మర్‌ను వంద శాతానికి తిప్పితే 1/1000 వద్ద కూడా గోడ శుభ్రంగా వచ్చింది.

అప్పటినుంచి డిమ్మర్ జోలికి పోవడం లేదు. వెలుగు ఎక్కువైతే స్టాండును వెనక్కు జరుపుతాను, లేదా ప్యానెల్ ముందు పలుచని తెల్ల గుడ్డ కడతాను.

మూడింటినీ పూర్తి వెలుగులో వాడడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు వేడెక్కి, కాలిన ప్లాస్టిక్ వాసన వేసింది, పిన్ను మొదలు గోధుమరంగుకు తిరిగింది. నేరం ప్యానెళ్లదేనని అనుకున్నాను. తీరా లెక్క వేస్తే ఒక్కొక్కటి 60 వాట్లు, మూడూ కలిసి 180. 230 వోల్టుల వద్ద అది ఒక ఆంపియరు కూడా కాదు. అసలు భారం వెనుక పరదా ముడతలు తీయడానికి అదే బోర్డుకు పెట్టిన 1500 వాట్ల ఇస్త్రీపెట్టెది. అన్నీ కలిస్తే ఏడు ఆంపియర్లు దాటుతాయి, బోర్డు తట్టుకొనేది ఆరు. ఇప్పుడు కొత్త బోర్డుకు ప్యానెళ్లు మాత్రమే ఉంటాయి, ఇస్త్రీపెట్టె వేరే గోడ సాకెట్టుకు పోయింది. ప్లగ్గును అప్పుడప్పుడు చేత్తో తాకి చూస్తున్నాను, చల్లగానే ఉంటోంది.

నేను తీసేవి కదలని చిన్న వస్తువులు, చోటు కూడా కాస్త ఉంది కాబట్టి ఈ ప్యానెళ్లతో నాకు సరిపోతోంది. ఇరుకు గదిలో డిమ్మర్ మీదే ఆధారపడవలసినవారికీ, వీడియోలు తీసేవారికీ కొనమని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు.