నీటి అడుగు వీడియోల్లో పోయిన ఎరుపు: RGB Mixer చాలాకాలం వాడిన అనుభవం

కొత్త జంటలు అండమాన్ వెళ్లి రావడం నల్లగొండ, మిర్యాలగూడ వైపు కూడా మామూలైనప్పటి నుంచి మా స్టూడియోకు పెళ్లి వీడియోలతో పాటు స్కూబా డైవింగ్ క్లిప్పులు కూడా వస్తున్నాయి. వాటిని సరిచేయడానికి నేను డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌ను, అందులోనూ ముఖ్యంగా కలర్ పేజీలో ఒక రంగు ఛానెల్‌ను ఇంకోదాంట్లో కలిపే RGB Mixer‌ను ఏళ్లుగా వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ ఒక్క సాధనం గురించే.

నీరు మిగతా రంగులకంటే ముందుగా ఎరుపును మింగేస్తుంది. 650 నానోమీటర్ల దగ్గరి ఎరుపు కాంతి స్వచ్ఛమైన నీటిలో మీటరుకు దాదాపు 30 శాతం చొప్పున తగ్గుతుంది కాబట్టి, 5 మీటర్లు దాటేసరికి ఐదో వంతు కూడా ఉండదు, 10 మీటర్లకు సుమారు 3 శాతమే మిగులుతుంది. ఇక్కడ లోతును మాత్రమే లెక్కిస్తే సరిపోదు. 8 మీటర్ల లోతున ఉన్న మనిషిని 2 మీటర్ల దూరం నుంచి తీస్తే కాంతి మొత్తం 10 మీటర్ల నీటిని దాటి కెమెరాకు చేరినట్లు. దీనికి తోడు మనిషికీ కెమెరాకూ మధ్యనున్న నీరు వెలుగును చెదరగొట్టి, బొమ్మ మొత్తం మీద నీలి-ఆకుపచ్చ పొరను కప్పుతుంది. ఎరుపు పోవడం నష్టం, ఈ పొర పైనుంచి వచ్చి చేరింది. అందువల్ల ఒకదాన్ని పూడ్చాలి, రెండోదాన్ని తీసివేయాలి. ఒకే మీటను తిప్పి రెండు పనులూ చేయాలనుకునేవారి వీడియోలే ఊదా రంగుకు తిరుగుతాయి.

ఒక క్లిప్పును ఉదాహరణగా తీసుకుంటాను. సుమారు 8 మీటర్ల లోతులో, లైటు లేకుండా యాక్షన్ కెమెరాతో తీసినది. మూడు రంగుల స్థాయిలను విడివిడిగా 1023 వరకు కొలిచే Parade స్కోపులో తెల్లని ఇసుక మీద ఎరుపు 120, ఆకుపచ్చ 500, నీలం 560 దగ్గర ఉన్నాయి. నల్లని డైవింగ్ సూటు మీద ఎరుపు 30, ఆకుపచ్చ 150, నీలం 190 ఉన్నాయి. నలుపు మీద ఆకుపచ్చ, నీలం అంత ఎత్తున ఉండటమే ఆ పొర ఉందనడానికి గుర్తు. ఎరుపును Gain‌తో మాత్రమే మిగతావాటి స్థాయికి తేవాలంటే నాలుగు రెట్లకు పైగా పెంచాలి, అప్పుడు ఆ ఛానెల్‌లోని నాయిస్ కూడా అంతే పెరిగి చర్మం మీద ఎర్రని రవ్వలు కదులుతూ కనిపిస్తాయి. దానికి బదులు RGB Mixer‌లో Preserve Luminance గుర్తును తీసేసి, ఎరుపు అవుట్‌పుట్‌లో Green‌ను 0.45కు పెడతాను. ఆకుపచ్చ ఛానెల్‌లో ఆకారాల వివరం బాగా మిగిలి ఉంటుంది కాబట్టి దాని నుంచి కొంత అప్పు తెచ్చుకోవడమన్నమాట. ఇసుక మీద ఎరుపు 345కు, సూటు మీద దాదాపు 97కు వస్తుంది.

తర్వాతి నోడ్‌లో Lift‌తో ఆకుపచ్చను, నీలాన్ని కిందికి దించి సూటు మీద మూడు రంగులూ దాదాపు ఒకే గీతకు తెస్తాను. పొర పోయేది ఇక్కడే. చివరగా ఎరుపు Gain‌ను 1.25 వరకు పెంచితే ఇసుక మీద అది 430 దాకా చేరుతుంది. అంతకంటే పెంచను. ఇసుకను పూర్తిగా తెల్లగా చేస్తే సముద్రం సముద్రంలా కనిపించదు. నీలం కొంచెం పైన ఉండటమే నాకు నచ్చుతుంది. దూరపు నీరు ఊదాగా మారిందంటే Green‌ను ఎక్కువగా అరువు తెచ్చినట్లు, 0.05 చొప్పున తగ్గిస్తూ వస్తే అది మళ్లీ నీలంలోకి వస్తుంది.

ఇంతవరకు ఈ సాధనాన్ని మెచ్చుకోవలసిందే. అయితే మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అడిగేది ఇసుక గురించీ చేపల గురించీ కాదు. పెళ్లికూతురు చేతుల మైదాకు వీడియోలో బొగ్గు పూసినట్లు ఉంటుంది, "అన్నా, నా చేతులు ఇట్ల నల్లగెట్లయినయి?" అని అడుగుతారు. ఇక్కడే RGB Mixer హద్దు తెలుస్తుంది. చర్మం ఆకుపచ్చ కాంతిని కూడా బాగానే వెనక్కి పంపుతుంది, అందువల్ల అరువు తెచ్చిన ఎరుపుతో ముఖం తేరుకుంటుంది. బాగా పండిన మైదాకు మాత్రం ఎరుపును వెనక్కి పంపి ఆకుపచ్చను చాలావరకు పట్టేసుకుంటుంది. ఆకుపచ్చ ఛానెల్‌లో అది చీకటిగానే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. నుదుటి కుంకుమకు, ఎర్రని పగడపు దిబ్బకు కూడా ఇదే వర్తిస్తుంది. మూడు మీటర్ల లోపు తీసిన క్లిప్పుల్లో అసలైన ఎరుపు ఇంకా మిగిలి ఉంటుంది, అక్కడ మైదాకు ఇటుక రంగుకు తిరిగి వస్తుంది. ఎనిమిది, పది మీటర్ల దగ్గర ముదురు గోధుమ రంగుకు మించి రాదు. ఆ రంగున్న చోటును మాత్రమే కీ వేసి పట్టుకుని ఎర్రగా దిద్దవచ్చు, నేనూ దిద్దుతాను, కానీ అది రంగు వేయడమే తప్ప తిరిగి తేవడం కాదని వారికి ముందే చెబుతాను. నిజంగా ఎరుపు కావాలంటే డైవింగ్ చేయించేవారిని తెల్లని టార్చి తెమ్మని అడిగి, చేతులను కెమెరాకు మూరెడు దూరంలో పెట్టి తీయించుకోవడం మేలు. ఆ వెలుగు నీటిలో ప్రయాణించే దూరం తక్కువ కాబట్టి ఎరుపు అక్కడే దక్కుతుంది.

వీడియోలో ఇంకో చిక్కు లోతు మారడం. పడవ దగ్గర మొదలై అడుగుకు దిగే క్లిప్పుకు ఒకే 0.45 పెడితే పైభాగమంతా ఎర్రబారుతుంది. దిగుతున్నకొద్దీ కీఫ్రేములు పెట్టి 0.1 నుంచి 0.45కు మెల్లగా పెంచుతాను. కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ ఉంచి తీసిన క్లిప్పుకు ఈ లెక్క కుదరదు, ఎందుకంటే కెమెరా తనంతట తాను మధ్యలో రంగు మారుస్తుంది. చేప అడ్డం వచ్చినప్పుడల్లా ఇసుక రంగు మారుతోందంటే కారణం అదే. వైట్ బ్యాలెన్స్‌ను ఒకచోట స్థిరంగా ఉంచి తీసిన క్లిప్పు మొదట చూడ్డానికి అధ్వాన్నంగా ఉన్నా, సరిచేయడానికి అదే సులువు.

సముద్రానికి కుదిరిన అమరికను మన దగ్గరి నీటికి పెట్టకూడదు. ఎండాకాలం వ్యవసాయ బావుల్లో ఈతలు కొట్టే కుర్రాళ్లు తెచ్చే క్లిప్పుల్లో పొర నీలంగా ఉండదు, ఆకుపచ్చగా ఉంటుంది. నాచు, కుళ్లిన ఆకుల రసం నీలాన్ని కూడా పట్టేయడం వల్ల అక్కడ ఎరుపుతో పాటు నీలం కూడా లోపిస్తుంది. కాబట్టి నీలం అవుట్‌పుట్‌లో కూడా Green‌ను 0.2 వరకు పెట్టాలి. అయినా ఫలితం సముద్రపు క్లిప్పులతో పోల్చదగినది కాదు. రెండు మీటర్ల అవతలి మనిషి మీద పొర ఎంత దట్టంగా ఉంటుందంటే, దాన్ని దించేసరికి బొమ్మలో మిగిలేది చాలా తక్కువ. దగ్గరగా తీసిన ముఖాలు మాత్రం బాగానే వస్తాయి.

కలర్ పేజీలోని నాయిస్ తగ్గించే సాధనం ఉచిత వెర్షన్‌లో లేదు, డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. నాకు తగిలిన పెద్ద కొరత ఇదే, ఎందుకంటే ఎంత జాగ్రత్తగా అరువు తెచ్చినా 8-బిట్ క్లిప్పులో ఎరుపు కొంత రవ్వలు కడుతుంది. పూర్తయిన వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ రవ్వలన్నీ గళ్లుగళ్లుగా మారతాయి, అందుకే డాక్యుమెంటుగా పంపుతాను, లేదంటే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను.