పైపు పగిలాక తెలిసిన రెంటర్స్ ఇన్సూరెన్స్: చాలా ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో అద్దెకుంటూ 2018 నుంచి రెంటర్స్ ఇన్సూరెన్స్, అంటే అద్దెకుండేవాళ్లు తీసుకునే ఇన్సూరెన్స్, కడుతున్నాను. సామాన్లకు 25,000 డాలర్లు, మన వల్ల వేరేవాళ్లకు జరిగే నష్టానికి, అంటే లయబిలిటీకి లక్ష, ఇల్లు వదిలి బయట ఉండాల్సి వస్తే 7,500, నష్టంలో ముందు మనమే భరించాల్సిన డిడక్టబుల్ 500. ప్రీమియం నెలకు 18 డాలర్ల లోపే. అసలు పనితనం 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టుకుపోయినప్పుడు చూశాను.

మా పై ఫ్లాట్‌లో పైపు పగిలి, మా హాల్ సీలింగ్ ఊడిపడింది. సోఫా, టీవీ, పరుపు, పుస్తకాలు అన్నీ తడిసి ముద్దయ్యాయి. లీజింగ్ ఆఫీసుకి వెళ్తే, సీలింగ్, కార్పెట్, పెయింట్ తామే చేయిస్తామన్నారు. "మీ సామాన్ల సంగతి మీ ఇన్సూరెన్స్‌తో మాట్లాడుకోండి" అన్నారు. నా భార్యకు కోపమొచ్చింది, "పైపు వాళ్లది కదండీ!" అంది. కానీ ఓనర్ ఇన్సూరెన్స్ చూసేది బిల్డింగ్‌నీ, అందులో ఓనర్ పెట్టిన ఫ్రిజ్, స్టవ్ లాంటివాటినీ మాత్రమే. మన సోఫా అందులోకి రాదు, మన హోటల్ ఖర్చూ రాదు. వాళ్లతో కట్టించాలంటే వాళ్ల నిర్లక్ష్యమే కారణమని మనం నిరూపించాలి.

నా పాలసీలో సామాన్లకు ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్’ ఉంది. పాడైనవన్నీ కొత్తగా కొనాలంటే 4,200 డాలర్లని లెక్క తేలింది. అందులో వాడకానికి తరుగు 1,500, డిడక్టబుల్ 500 తీసేసి మొదట 2,200కి చెక్ ఇచ్చారు. వాళ్లిచ్చిన గడువులోపు కొత్తవి కొని బిల్లులు పంపాక, తరుగు కింద ఆపిన 1,500 కూడా వచ్చింది. అదే ‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ పాలసీ అయితే ఆ 2,200తోనే సరి. రెండింటి మధ్య ప్రీమియంలో తేడా నాకు నెలకు రెండు డాలర్లే. కొత్తగా తీసుకునేవాళ్లు ముందు ఈ ఒక్క మాట అడగండి.

బిల్లులు లేని వస్తువులకు ఆన్‌లైన్ ఆర్డర్ల చరిత్ర చూపించాను. పాప పుట్టినరోజు ఫొటోలో కేక్ వెనకాల టీవీ, సోఫా స్పష్టంగా కనిపిస్తున్నాయి. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ అడ్జస్టర్ ఆ ఫొటోను ఆధారంగా ఒప్పుకున్నాడు. తడిసిన పరుపును మాత్రం ఫొటోలు తీసి, ఆయన సరేనన్నాకే పారేశాం.

హోటల్ డబ్బుల దగ్గర చాలామంది పొరబడతారు. ఇన్సూరెన్స్ ఇచ్చేది మొత్తం ఖర్చు కాదు, మామూలు ఖర్చు కంటే ఎక్కువైనంతే. మా హోటల్ బిల్లు 2,400. ఆ రోజులకు మేనేజ్‌మెంట్ 1,100 అద్దె మాఫీ చేసింది కాబట్టి మాకు వచ్చింది 1,300. తిండికి మామూలుగా వారానికి 140 అయ్యేది, వంటిల్లు లేని గదిలో 320 అయింది; తేడా 180 ఇచ్చారు. లాండ్రీ రసీదులూ పనికొచ్చాయి. ఈ భాగానికి నా పూర్తి మార్కులు.

లయబిలిటీ విలువ మా పక్క బ్లాక్ మిత్రుడి విషయంలో అర్థమైంది. బూరెల నూనె అంటుకుని అతని కిచెన్ క్యాబినెట్లు, పక్క ఫ్లాట్ గోడ కాలాయి. ఓనర్ ఇన్సూరెన్స్ కంపెనీ ఓనర్‌కి డబ్బు కట్టేసి, దాన్ని తిరిగి రాబట్టడానికి ఇతనికి లెటర్ పంపింది. ఆ డబ్బు అతని రెంటర్స్ పాలసీ కట్టింది. లేకపోతే జేబులోంచే.

ఇక్కడే నాకు గట్టి అభ్యంతరం ఒకటుంది. పాలసీ కాపీ ఇవ్వకపోతే కొన్ని కాంప్లెక్స్‌లు నెల అద్దెలో ఒక ఇన్సూరెన్స్ ఫీజు కలిపేస్తాయి. చాలాసార్లు అది మన వల్ల వాళ్ల బిల్డింగ్‌కి జరిగే నష్టానికి మాత్రమే. మన సామాన్లకూ హోటల్‌కూ పైసా రాదు. ‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అనుకుని అదే కడుతున్న మనవాళ్లు ఎందరో. ఆ ఫీజు తాలూకు కాగితం తీసి ‘పర్సనల్ ప్రాపర్టీ’ ఎదురుగా అంకె ఉందో లేదో చూడండి.

లోపాలూ ఉన్నాయి. బంగారం దొంగతనానికి నా పాలసీలో పరిమితి 1,500 డాలర్లే. మన ఇళ్లలో నాలుగు గాజులకే అది చాలదు. అందుకే అప్రైజల్ చేయించి నగలు విడిగా రాయించాను, దానికి ప్రీమియం వేరు. పగిలిన పైపు నీళ్లకు కవరేజీ ఉంది, బయటి నుంచి ఇంట్లోకి వచ్చే వరదకు లేదు; కింది ఫ్లోర్‌లో ఉండేవాళ్లకు వరద పాలసీ విడిగా కావాలి. ఇల్లు పంచుకునే రూమ్మేట్ పేరు పాలసీలో లేకపోతే అతని లాప్‌టాప్‌కు ఏమీ రాదు.

ఈసారి రెన్యువల్‌లో సామాన్ల కవరేజీ 40,000కి పెంచాను. నెలకు మూడు డాలర్లు పెరిగింది.