సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపాన్ని సరిచేసే గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి: స్కానర్ చూసిన రోజా, టికెట్ తెరిచిన రోజా?

క్రిటికల్ లోపానికి గడువు 15 రోజులు అనుకుందాం. స్కానర్ మార్చి 1న పట్టుకుంది, దాన్ని సరిచేయమని టికెట్ మాత్రం 9న తెరిచారు. 20న మేనేజ్‌మెంట్‌కి రిపోర్ట్ పంపితే, స్కానర్ తేదీ ప్రకారం గడువు దాటి 4 రోజులైంది, టికెట్ తేదీ ప్రకారం ఇంకా 4 రోజులు ఉంది. లోపం ఒక్కటే!

టికెట్ తేదీ ఫిక్స్ చేసే టీమ్‌కి న్యాయంగానే అనిపిస్తుంది, కానీ సరిగా ప్యాచ్ కాకుండానే టికెట్ మూసేసి, తర్వాతి స్కాన్‌లో అదే లోపం మళ్లీ కనపడితే కొత్త టికెట్ తెరుస్తారు, దాంతో గడువు మళ్లీ మొదటికొస్తుంది, రిపోర్ట్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది. టికెట్ తేదీ పక్కన స్కానర్ మొదట చూసిన తేదీ పెట్టి చూడండి, బయటపడుతుంది.

నేనైతే స్కానర్ తేదీకే ఓటేస్తాను. దాంతో వచ్చే చిక్కల్లా, టికెట్ తెరవడంలో పోయిన 8 రోజుల నింద ఫిక్స్ చేసేవాళ్ల మీద పడటం. అందుకే ఆ 8 రోజుల్ని రిపోర్ట్‌లో వేరే కాలమ్‌లో చూపించాలి.